లోయలో బరువైన బంతి

ఇంటి ధరను అంచనా వేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాస్తున్నాం అనుకుందాం. వైశాల్యానికి ఒక గుణకం, పడకగదుల సంఖ్యకు ఒక గుణకం ఉంటాయి. అంచనాలో తప్పు కనిష్ఠంగా ఉండేలా ఈ రెండింటినీ కుదర్చాలి. తప్పు ఎంతో ఎత్తుగా గీస్తే ఒక లోయ కనిపిస్తుంది, దాని అట్టడుగే మన గమ్యం. చిక్కేమిటంటే వైశాల్యం వేల చదరపు అడుగుల్లో ఉంటుంది, గదులు రెండో మూడో. అందుకే మొదటి గుణకాన్ని పిసరంత కదిపినా తప్పు ఎగిసిపడుతుంది, రెండోదాన్ని చాలా జరిపినా పెద్దగా తేడా రాదు. ఆ లోయ గుండ్రటి గిన్నెలా కాకుండా పొడవాటి దోనెలా ఉంటుంది: పక్కలు నిట్టనిలువు, అడుగు భాగం దాదాపు చదును.

గ్రేడియంట్ డిసెంట్ అనే పద్ధతి కాలి కింది వాలును మాత్రమే చూస్తుంది. వాలు ఎటు ఎక్కువో అటు, వాలు ఎంత ఎక్కువైతే అంత పెద్ద అడుగు వేస్తుంది. దోనెలో ఎక్కువ వాలు ఎదుటి గోడ వైపే ఉంటుంది, గమ్యం మాత్రం పొడవు వెంట ఎక్కడో ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. పొడవు వెంట దూరం x, అడ్డంగా దూరం y, గమ్యం 0, 0. ఎత్తు ఇలా ఉందనుకోండి:

```
f = (x*x + 100*y*y) / 2
```

అంటే పొడవు వెంట వాలు x, అడ్డంగా వాలు 100y. x = 10, y = 1 దగ్గర మొదలుపెట్టి, ప్రతిసారీ వాలును 0.019తో హెచ్చించి అంత వెనక్కి జరుగుదాం. y వరుసగా 1, -0.9, 0.81, -0.73... ప్రతి అడుగుకీ గోడ మారుతుంది. x మాత్రం 10 నుంచి 9.81కి, ఆపైన 9.62కి నత్తనడకన వస్తుంది. 100 అడుగుల తర్వాత కూడా ఇంకా 1.47 దగ్గరే ఉంటుంది. పోనీ అడుగు పెంచుదామా అంటే, 0.019ని 0.021 చేస్తే y 1 నుంచి -1.1కి, అక్కడి నుంచి 1.21కి పోతుంది. ఊగు పెరిగిపోయి లెక్క చెడుతుంది. అడుగు ఎంత ఉండాలో నిటారు గోడ నిర్ణయిస్తోంది, దాని ఫలితాన్ని చదును నేల అనుభవిస్తోంది.

సోవియట్ గణితవేత్త బోరిస్ పోల్యాక్ 1964లో దీనికి ఒక సవరణ సూచించారు. బరువైన బంతి దొర్లుతూ ఉంటే దిక్కు చటుక్కున మార్చుకోలేదు కదా, అలాగే కొత్త అడుగులో పాత అడుగు కొంత కలపాలి. ఇదే మొమెంటం.

పాత అడుగులో సగం కలుపుదాం. మొదటి అడుగు మామూలే: y 1 నుంచి -0.9కి వచ్చింది, అంటే అడుగు -1.9. రెండోసారి వాలు +1.71 అడుగు వేయమంటుంది. పాత అడుగులో సగం -0.95. రెండూ కలిస్తే +0.76 మాత్రమే మిగులుతుంది, y -0.14 దగ్గర ఆగుతుంది. ఎదుటి గోడ ఎక్కాల్సినది దాదాపు నడిమికే వచ్చేసింది. ఊగు అక్కడితో పోదు, తర్వాతి అడుగులో y 0.51కి వెళ్తుంది. కానీ ఆరో అడుగుకు 0.15కి దిగుతుంది. మొమెంటం లేకపోతే అప్పటికి ఇంకా 0.53.

పొడవు వెంట జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ పాత అడుగు, కొత్త అడుగు ఒకే దిక్కు. మొదటి అడుగు 0.19, రెండోది 0.28, అలా పెరిగి మామూలు అడుగుకు సుమారు రెట్టింపు అవుతుంది. 100 అడుగులకు x 0.18కి చేరుతుంది. ఎదురెదురు దిక్కుల అడుగులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒకే దిక్కువి పోగవుతాయి. మొమెంటం చేసే పని అంతే.

మరి సగం బదులు ఇంకా ఎక్కువ కలిపితే? 0.8 కలిపితే మన లోయలో నేల వెంట ప్రయాణం ఇంకా చాలా వేగంగా సాగుతుంది. 0.9కి పెంచితే బంతికి బరువెక్కువై గమ్యాన్ని దాటిపోయి వెనక్కి వస్తుంది, అడ్డంగా ఊగు కూడా మొమెంటం లేనప్పటికన్నా నెమ్మదిగా చల్లారుతుంది. తేడా తెరమీద కనిపెట్టవచ్చు. ప్రతి అడుగుకీ తప్పు ఎక్కుతూ పోతుంటే అడుగు పెద్దదైంది. నెమ్మదైన అలలా దిగి, లేచి, మళ్లీ దిగుతుంటే మొమెంటం ఎక్కువైంది.

పైటార్చ్‌లో `torch.optim.SGD`కి `momentum` ఇవ్వకపోతే అది 0గానే ఉంటుంది. చాలామంది 0.9 రాస్తారు. అలా రాస్తే ఒకే దిక్కున సాగే అడుగు పది రెట్ల దాకా పెరగగలదని గుర్తుంచుకుని, అవసరమైతే `lr` తగ్గించుకోవాలి.

ఇంటి ధర లెక్కలో మాత్రం మొమెంటం జోలికి పోకముందే చేయదగ్గ పని ఒకటుంది. వైశాల్యాన్ని, గదులను ఒకే కొలమానానికి తెస్తే లోయే చాలావరకు వెడల్పవుతుంది. అలా సరిచేశాక కూడా మిగిలే ఇరుకు లోయల కోసం మొమెంటాన్ని వాడండి.