ఆస్పత్రిలో పెరిగిన షుగర్... ఇంటికొచ్చాక మళ్లీ చూశారా?

ఖమ్మం దగ్గరి పల్లెలో 48 ఏళ్ల రైతు ఒకాయన బండి మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడనుకుందాం. ఆయనకు షుగర్ ఉందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. ఆస్పత్రిలో చేర్చిన రోజున ర్యాండమ్ షుగర్ 236 వచ్చింది. ఆపరేషన్ చేశారు, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు, మూడు రోజులు ఇన్సులిన్ ఇచ్చారు. ఆరో రోజుకు పరగడుపు షుగర్ 112కి దిగింది. ఇన్సులిన్ ఆపి ఇంటికి పంపారు. ‘‘దెబ్బకి పెరిగిందంతే నాన్నా, నీకు షుగర్ లేదంట’’ అన్నాడు కొడుకు. డిశ్చార్జి కాగితంలో ఎముక గురించి, కట్టు గురించి, మందుల గురించి అంతా ఉంది. 236 మాట మాత్రం ఎక్కడా లేదు.

కొడుకు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పెద్ద దెబ్బ, న్యుమోనియా, గుండెపోటు, ఆపరేషన్ లాంటివి మీద పడినప్పుడు ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ ఎగసిపడతాయి. కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. కండరాలేమో ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. డయాబెటిస్ లేనివారిలోనూ ఇలా షుగర్ 140 దాటడాన్ని స్ట్రెస్ హైపర్‌గ్లైసీమియా అంటారు. జబ్బు తీవ్రత తగ్గాక చాలామందిలో అది దిగిపోతుంది.

అయితే ఒకే తీరు దెబ్బ తగిలిన ఇద్దరిలో ఒకరికి 130 దగ్గరే ఆగి, ఇంకొకరికి 236 దాకా ఎందుకు వెళ్తుంది? జబ్బు తీవ్రత ఒక కారణం. రెండోది క్లోమం దగ్గరున్న నిల్వ శక్తి. ఆరోగ్యంగా ఉన్న క్లోమం ఆ ఒత్తిడికి తగ్గట్టు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి చాలావరకు నెట్టుకొస్తుంది. లోలోపల అప్పటికే బలహీనపడినది చేతులెత్తేస్తుంది. చెరువు కట్టకు ఎక్కడ బీట ఉందో వరద వచ్చిన రోజే బయటపడుతుంది కదా, ఇదీ అలాంటిదే.

అది పాత డయాబెటిసా, తాత్కాలికమా అని ఆస్పత్రిలోనే కొంతవరకు తేల్చే పరీక్ష హెచ్‌బీఏ1సీ. గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో అది చెబుతుంది కాబట్టి నాలుగు రోజుల జబ్బు దాన్ని పెద్దగా కదిలించదు. 6.5 శాతం, ఆపైన వస్తే షుగర్ జబ్బు ముందునుంచే ఉండి ఉంటుందని అర్థం. మన రైతుకీ ఈ పరీక్ష చేశారు, 6.1 వచ్చింది. కానీ రక్తం తీసింది ఎప్పుడు? రెండు యూనిట్లు ఎక్కించాక. దాత రక్తకణాలు కలిసిపోయాక వచ్చే అంకె ఆయన ఒక్కడిదే కాదు, అసలుకంటే తక్కువగా కనిపించే అవకాశం ఉంది. రక్తస్రావం జరిగినా ఈ అంకె తప్పుదోవ పట్టిస్తుంది. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం ఎక్కించక ముందే నమూనా తీసి ఉంటే ఇంత తికమక ఉండేది కాదు.

స్వీడన్ పరిశోధకులు 2002లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇక్కడ గుర్తొస్తుంది. డయాబెటిస్ ఉన్నట్టు అంతవరకు తెలియని 181 మంది గుండెపోటు రోగులకు గ్లూకోజు తాగించి పరీక్ష చేశారు. డిశ్చార్జి వేళ 31 శాతం మందిలో డయాబెటిస్ స్థాయి కనిపించింది. మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తే 25 శాతం మందిలో కనిపించింది. గుండెపోటు ఒత్తిడి చల్లారాక కూడా అంతమందిలో షుగర్ నిలిచిపోయింది. మళ్లీ చూడకపోతే వీళ్లెవరో తెలిసేది కాదు.

అందుకే జబ్బు నయమయ్యాక, సాధారణంగా ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య మళ్లీ పరీక్ష చేయించాలి. మన రైతు మూడో నెల దాటాక వెళ్లాడు. పరగడుపు షుగర్ 118. డయాబెటిస్ గీత 126 కాబట్టి ఈ ఒక్కటే చూసి ఉంటే మళ్లీ ‘లేదు’ అనుకునేవారు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 226 వచ్చింది. ఇక్కడ గీత 200. ఎక్కించిన రక్తం ప్రభావం అప్పటికి పోయింది కనుక హెచ్‌బీఏ1సీ కూడా చేశారు, 6.8. లక్షణాలేమీ లేని మనిషిలో రెండు ఫలితాలు గీత దాటితేనే జబ్బు ఖాయం చేస్తారు. ఆయన విషయంలో రెండూ దాటాయి. కాళ్ల తిమ్మిర్లు, చూపు మసక మొదలుకాకముందే మందు మొదలైంది.

స్టెరాయిడ్ వాడినవారి సంగతి కొంచెం వేరు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ షుగర్‌ను ముఖ్యంగా భోజనం తర్వాత పెంచుతాయి. పొద్దున మాత్ర వేసుకునేవారికి పరగడుపున మామూలుగా ఉండి మధ్యాహ్నం, సాయంత్రం ఎగబాకుతుంది. పొద్దుటి ఒక్క అంకె చూసి వారికి పర్వాలేదనడం పొరపాటు. మందు ఆపిన కొన్ని వారాలకు వారికీ మళ్లీ పరీక్ష చేయాలి.

మూడు నెలల పరీక్షలో మామూలుగా వచ్చినా ఏడాదికోసారి చూపించుకోవడం మంచిది. డాక్టరు గారిని డిశ్చార్జి రోజే అడిగి కాగితంలో మూడు విషయాలు రాయించుకోండి: ఆస్పత్రిలో షుగర్ గరిష్ఠంగా ఎంతకు వెళ్లింది, హెచ్‌బీఏ1సీ ఎంత, దానికి రక్తం తీసింది ఎక్కించక ముందా తర్వాతా. మూడు నెలల తర్వాత ఏ ఊళ్లో, ఏ డాక్టరు చూసినా ఆయనకు ముందుగా కావలసింది ఇవే.