సెర్ ఎప్పుడు, ఎస్తార్ ఎప్పుడు?

స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టగానే రెండు క్రియలు ఎదురొస్తాయి: సెర్, ఎస్తార్. నిఘంటువు తిరగేస్తే రెండింటికీ 'ఉండు' అనే కనిపిస్తుంది. కానీ ఒకదాని చోట ఇంకొకటి పడిందంటే చెప్పదలచుకున్నదే మారిపోవచ్చు. క్లాసులో విసుగేసిన విద్యార్థి 'ఎస్తోయ్ అబుర్రీదో' అనాలి. పొరపాటున 'సోయ్ అబుర్రీదో' అన్నాడంటే, తాను బోరు కొట్టే మనిషినని తానే చాటుకున్నట్టు.

శాశ్వతమైనదానికి సెర్, తాత్కాలికానికి ఎస్తార్ అని చాలామంది చెబుతారు. ఈ సూత్రం ఎంతోదూరం రాదు. చనిపోయినవాడు తిరిగి రాడు, అయినా స్పానిష్‌లో 'ఎస్తా మ్వెర్తో' అనే అంటారు. మాద్రిద్ ఎక్కడికీ కదలదు, దానికీ ఎస్తారే. గంటలో మారిపోయే సమయానికి మాత్రం సెర్: 'ఎస్ లా ఊనా', అంటే ఒంటిగంట అయింది.

అసలు తేడా వేరే ఉంది. నిలబడటం అనే అర్థమున్న లాటిన్ క్రియ 'స్తారే' నుంచి ఎస్తార్ పుట్టింది. అందుకే ఒక వస్తువు ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది అన్నది ఎస్తార్ చెబుతుంది. అది ఏమిటి, ఎవరు, ఎలాంటిది అన్నది సెర్ చెబుతుంది. మరణం కూడా మార్పు వల్ల వచ్చిన స్థితే కాబట్టి ఎస్తార్ పడింది.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. 'ఆమె డాక్టర్' అనే వాక్యంలో మనకు క్రియే లేదు. స్పానిష్‌లో ఆ ఖాళీలో సెర్ కూర్చుంటుంది: 'ఎయ్యా ఎస్ మేదికా'. 'ఆమె ఇంట్లో ఉంది' అన్నప్పుడు మన 'ఉంది' స్థానంలో ఎస్తార్ వస్తుంది: 'ఎస్తా ఎన్ కాసా'. పెళ్ళిళ్ళు, సభలు జరిగే చోటు చెప్పేటప్పుడు స్పానిష్‌లో సెర్ వాడతారు. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. మనం కూడా 'పెళ్ళి ఎక్కడ?' అని క్రియ లేకుండానే అడుగుతాం కదా! అదే 'దోందే ఎస్ లా బోదా?'

విశేషణాల దగ్గర రెండూ పక్కపక్కనే నిలబడతాయి. 'ఎల్ మాంగో ఎస్ బెర్దే' అంటే ఆ మామిడి ఆకుపచ్చ రంగుది. 'ఎస్తా బెర్దే' అంటే ఇంకా పచ్చిగానే ఉంది, పండలేదు. అమ్మాయి పొడగరి అయితే 'ఎస్ ఆల్తా'. ఏడాది తర్వాత పిల్లవాణ్ణి చూసిన చుట్టం మాత్రం 'కే ఆల్తో ఎస్తాస్!' అంటుంది, మనవాళ్ళు 'ఎంత పొడుగయ్యావురా!' అన్నట్టే.

అయితే మన 'ఉంది' అన్నిచోట్లా దారి చూపదు. 'అతను పొడుగ్గా ఉంటాడు' అన్నది అతని లక్షణం, కాబట్టి సెర్ రావాలి. 'దగ్గర్లో హోటల్ ఉందా?' అని అడగాలంటే ఈ రెండూ పనికిరావు. అక్కడ 'ఆయ్' అనే వేరే మాట కావాలి: 'ఆయ్ ఉన్ ఒతెల్ సెర్కా?'