సార్, ఈ ఒక్క స్లయిడ్ తెలుగులో చెప్పండి

2021 నుంచి జేఈఈ మెయిన్ తెలుగులోనూ రాయొచ్చు. తెలుగులో బీటెక్ పాఠాలు చెప్పడానికి ఏఐసీటీఈ అదే ఏడాది ద్వారాలు తెరిచింది. అయినా చాలా కాలేజీల్లో తెర మీద కనిపించేది ఇంగ్లిష్ స్లయిడే. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని, హాస్టల్‌కెళ్లి కుస్తీ పడతాడు. చివరికి ధైర్యం చేసి లెక్చరర్‌కి ఉత్తరం రాస్తాడు: ‘సార్, నాకు ఇంగ్లిష్ అర్థం కావడం లేదు. స్లయిడ్లన్నీ తెలుగులో ఇవ్వండి.’

జాలి పుట్టించే ఉత్తరమే కానీ పని జరిపించేది కాదు. యూనిట్ మొత్తాన్ని తెలుగులోకి మార్చే తీరిక ఏ సారుకుంటుంది? పైగా తానెక్కడ ఆగిపోయాడో కుర్రాడు చెప్పనేలేదు.

థెవినిన్ సిద్ధాంతం పాఠమే తీసుకుందాం. 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల రెసిస్టర్లు సిరీస్‌లో ఉన్నాయి. 3 ఓమ్‌ల రెసిస్టర్‌కి పారలల్‌గా 2 ఓమ్‌ల లోడ్. లోడ్ తీసేస్తే ఆ చివరల మధ్య 4 వోల్టులు. ఇక్కడిదాకా లెక్కే కాబట్టి ఇబ్బంది లేదు. తర్వాతి స్లయిడ్‌లో ‘డీయాక్టివేట్ ద సోర్స్’ అని ఉంటుంది. బ్యాటరీ పీకేయమన్నారనుకుని కుర్రాడు ఆ చోటు ఖాళీగా వదిలేస్తాడు. 6 ఓమ్‌ల దారి తెగిపోయి రెసిస్టెన్స్ 3 ఓమ్‌లు వస్తుంది. లోడ్‌లో కరెంటు 0.8 ఆంపియర్. నిజానికి బ్యాటరీ తీసిన చోట ఉత్త తీగ కలపాలి. అప్పుడు 6, 3 పారలల్‌లో పడి 2 ఓమ్‌లవుతాయి. కరెంటు సరిగ్గా 1 ఆంపియర్. సిద్ధాంతం పక్కనబెట్టి ఓమ్ నియమంతో చేసినా ఒకటే వస్తుంది. అంటే కుర్రాడికి లెక్క రాక కాదు, ఆ ఒక్క వాక్యం అందక తప్పింది.

కాబట్టి ఉత్తరం ఇలా ఉండాలి:

‘గౌరవనీయులైన సార్‌కు నమస్కారం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. థెవినిన్ పాఠంలో నాలుగో స్లయిడ్ దగ్గర ఆగిపోయాను. సోర్స్‌ను డీయాక్టివేట్ చేయమంటే బ్యాటరీ తీసేశాను. నాకు 0.8 వచ్చింది, మీ స్లయిడ్‌లో 1 ఉంది. నేను చేసిన లెక్క జతచేశాను. ఆ అడుగు తెలుగులో వివరించగలరా? పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాయాలి కాబట్టి పదాలు మాత్రం అలాగే ఉంచండి. మీకు వీలైనప్పుడు స్టాఫ్ రూముకి వస్తాను.’

చివరి కోరిక ముఖ్యం. ‘రెసిస్టెన్స్’ను ‘నిరోధం’ అని మాత్రమే నేర్చుకుంటే ప్రశ్నపత్రం చూశాక మళ్లీ తికమక. వివరణ తెలుగులో, పదం ఇంగ్లిష్‌లో ఉంటేనే మేలు. సార్ వేరే రాష్ట్రం వారైతే ఇదే సందేహాన్ని సీనియర్ ముందు పెట్టాలి.

లెక్చరర్లకూ ఒక మాట. ఇలాంటి ఉత్తరం వస్తే ఇంగ్లిష్ నేర్చుకోమని తిప్పి పంపకండి. అదే తప్పు క్లాసులో ఇంకెంతమంది చేశారో ఒకసారి చేతులెత్తించి చూడండి.