సైరెనులు – మత్స్యాంగనలు

హోమరు ఒడిస్సీకావ్యమున, 12వ సర్గమందు, సైరెనుల రూపము వర్ణింపఁబడలేదు. ద్వివచనప్రయోగముచే వారిద్దఱని మాత్రము తెలియుచున్నది. ప్రాచీనయవనుల కుంభచిత్రములందు వారు స్త్రీముఖముగల పక్షులు. వారు నావికునకుఁ జూపు నాశ సౌందర్యము గాదు, జ్ఞానము. ఆ గానమునకు లోఁబడినవాఁడు మరల నిల్లు చేరఁడు. వారి పచ్చికబయలిలో నరాస్థులు రాశులై యుండును.

మత్స్యపుచ్ఛము వారికి మధ్యయుగపు లాటినుగ్రంథములందుఁ గలిగినది. ఫ్రెంచిభాషలో నేఁటికిని సైరెనుకును మత్స్యాంగనకును 'సిరేన్' అను నొకటే పదము గావున భేదము మఱుఁగుపడినది.

మత్స్యాంగన కోరికకు మూలము వేఱు. జలకన్యలకు ఆత్మ లేదనియు, మానవుని వివాహమాడినచో నది లభించుననియు 16వ శతాబ్దిలోఁ బారసెల్ససు వ్రాసెను. 1837లో ఆండర్సను ప్రకటించిన కథయందలి కన్య రాజపుత్రునితోపాటు అమరమైన యాత్మనుగూడ నాశించియే తీరమును గోరినది. కాళ్లకొఱకు నామె తన కంఠస్వరమునే యిచ్చివేసెను. సైరెనుల కాయుధమైన స్వరమే యీమెకు మూల్యమైనది.