మై పెన్ రై: ఎవరు అనాలి, ఎవరు అనకూడదు

బ్యాంకాక్‌లో నూడుల్స్ బండి దగ్గర మీ మోచేయి తగిలి పక్కనున్నామె బట్టల మీద వేడి పులుసు ఒలికిందనుకోండి. మీరు కంగారుగా 'ఖో తోట్' అంటారు, క్షమించమని. ఆమె చిన్నగా నవ్వి 'మై పెన్ రై ఖా' అంటుంది. మాటకు మాట చెప్పాలంటే 'ఏమీ కాలేదు'. మన 'పర్లేదండీ'కి దగ్గర. చివరి 'ఖా' ఆడవాళ్లు మర్యాదకు చేర్చేది, మగవాళ్లయితే 'ఖ్రప్' అంటారు.

బట్టలు పాడయ్యాయన్న బాధ ఆమెకు లేదని కాదు. నలుగురిలో మీరు చిన్నబోకూడదనుకుంది, అంతే. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్న ఈ మొహమాటానికి థాయ్‌లో 'క్రెంగ్ జాయ్' అని పేరు. అందుకే మంచినీళ్లు కావాలా అని అడిగినా, దాహంతో ఉన్న అతిథి కూడా 'మై పెన్ రై' అనేయవచ్చు. రెండోసారి అడిగితే గానీ అసలు సంగతి తెలియదు.

ధన్యవాదాలకు బదులుగానూ ఇదే మాట వాడతారు. కానీ పులుసు ఒలికించినవాళ్లే ముందుగా అంటే అది పొగరు. పోనీలే అనే హక్కు నష్టపోయినవాళ్లది. థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు తప్పు మీదైతే 'ఖో తోట్' అని ఆగండి. మిగతాది వాళ్లను అననివ్వండి.