దిద్దేకొద్దీ మారే శాతం

2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 91 ఇంగ్లీషు వ్యాసాలను పరీక్షకు పెట్టారు. చైనాలోని విద్యార్థుల వేదిక ఒకదాని నుంచి సేకరించిన టోఫెల్ వ్యాసాలవి, అన్నీ మనుషులు రాసినవే. వాటిని ‘ఇది మనిషి రాశాడా, ఏఐ రాసిందా’ అని తేల్చి చెబుతామనే ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున నూటికి 61 వ్యాసాలు ఏఐ రాసినవని ఆ డిటెక్టర్లు తేల్చాయి. 18 వ్యాసాల విషయంలో ఏడింటికి ఏడూ ఒకే మాట మీద నిలబడి తప్పు చెప్పాయి. అమెరికా బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన 88 వ్యాసాలనూ అదే పరీక్షకు పెట్టారు. అక్కడ సగటు తప్పు నూటికి సుమారు అయిదే.

ఈ ఫలితం అప్పట్లో పత్రికలకెక్కింది. నాకు మాత్రం వాళ్ళు ఆ తర్వాత వేసిన అడుగు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఆ టోఫెల్ వ్యాసాలనే చాట్‌జీపీటీకి ఇచ్చి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు వాడే మాటలతో మెరుగుపరచమన్నారు. అంటే మనిషి రాసిన దానిలో ఇప్పుడు నిజంగానే యంత్రం చెయ్యి పడింది. మళ్ళీ డిటెక్టర్లకు ఇస్తే, ఏఐ అన్న ముద్ర 61 శాతం నుంచి 12 లోపుకి పడిపోయింది. తర్వాత అమెరికా పిల్లల వ్యాసాలను తీసుకుని, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు రాసినట్టు మాటలను తేలిక చెయ్యమన్నారు. ఈసారి ముద్ర 5 శాతం నుంచి 56 దాటింది.

రెండు చోట్లా దిద్దింది ఒకే యంత్రం. ఒక చోట అంకె దిగింది, ఇంకో చోట ఎగబాకింది. అలాంటప్పుడు ఆ అంకె కొలుస్తున్నది యంత్రం చేతినే అనుకోవడానికి వీల్లేదు. మరి దేన్ని కొలుస్తోంది?

భాషా మోడల్ ఏ వాక్యం చూసినా, ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తుంది. ‘వాన పడుతోంది, బయటికెళ్తే’ అన్నాక ‘గొడుగు’ వస్తుందని గట్టిగా ఊహిస్తుంది. అదే చోట ఒక రైతు ‘యూరియా సంచి కప్పుకో’ అంటాడు. పొలం పనులు ఎరిగిన వాళ్ళకు అది మామూలు మాటే. మోడల్‌కు మాత్రం అది ఎదురుచూడని మాట. ఒక రచనలో మాటలు సగటున ఎంత ఎదురుచూడనివో చెప్పే కొలతను పర్‌ప్లెక్సిటీ అంటారు. ఏఐ తన రచనలో ఎక్కువగా తాను ఊహించిన మాటలనే వాడుతుంది కాబట్టి దాని రచనకు ఈ కొలత తక్కువ. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు పరీక్షించిన నాటి డిటెక్టర్లు చాలావరకు ఈ సూత్రం మీద ఆధారపడినవే. పరాయి భాషలో పరీక్ష రాసే విద్యార్థి, తప్పు పోతుందన్న భయంతో తనకు బాగా తెలిసిన మాటలే వాడతాడు. అవి అందరూ వాడే మాటలు. అందుకే అతని వ్యాసానికి కూడా కొలత తక్కువే వస్తుంది.

ఈ సగటు ఎంత సున్నితమైనదో చిన్న లెక్కతో చూడొచ్చు. పది మాటల వాక్యం ఉంది, ప్రతి మాటకూ మోడల్ నాలుగింట ఒక వంతు అవకాశం ఇచ్చింది అనుకుందాం. ఆ వాక్యం పర్‌ప్లెక్సిటీ 4. ఇప్పుడు అందులో రెండు మాటలు తీసి, వెయ్యింట ఒక వంతు అవకాశం ఉన్న రెండు మాటలు పెట్టండి. మిగతా ఎనిమిదీ అలాగే ఉంటాయి. పర్‌ప్లెక్సిటీ 12కు చేరుతుంది. పదింట రెండు మాటలకే కొలత మూడింతలైంది. ఆ రెండు మాటలనూ ఏదైనా సాధనం ‘సరిచేసి’ మళ్ళీ మామూలు మాటలు పెడితే కొలత తిరిగి 4కు వస్తుంది.

గ్రామర్ సాధనాలు చేసే పని ఇక్కడే పట్టుబడుతుంది. అయితే వాటిలో రెండు వేరు వేరు పనులున్నాయి. స్పెల్లింగు తప్పు దిద్దడం, క్రియను కర్తకు సరిపెట్టడం, కామా పెట్టడం ఒక పని. దీనివల్ల కూడా ఎదురుచూడని ముక్కలు కొన్ని పోతాయి గానీ, వాక్యం రాసినవాడి వాక్యంగానే ఉంటుంది కాబట్టి అంకె సాధారణంగా పెద్దగా కదలదు. ‘ఈ వాక్యాన్ని మెరుగుపరచు’ అనే మీట నొక్కడం రెండో పని. అప్పుడు సాధనం వెనక ఉన్న భాషా మోడల్ ఆ వాక్యాన్ని కొత్తగా రాస్తుంది. రెండు పనులూ ఒకే తెర మీద, ఒకే రకం గీతల కింద కనిపించడంతో విద్యార్థికి తేడా తెలియదు. ఒకటి దిద్దుబాటు, రెండోది తిరగరాత.

అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు పెట్టుకుంటున్న నల్గొండ జిల్లా అమ్మాయిని ఊహించుకుందాం. ఎందుకు చదవాలనుకుంటుందో చెబుతూ ఆమె రాసిన ఇంగ్లీషుకు భావం ఇది: ‘మా ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. నలభై ఏళ్ళకే మా తాతయ్య నడుము వంగిపోయింది. ఆయన ఆకాశం చూడాలంటే మంచం మీద పడుకోవాలి. అందుకే నీళ్ళు శుద్ధి చేసే చదువు కావాలి.’ రెండు చోట్ల వ్యాకరణం తప్పింది. ఆమె సాధనం చెప్పిన ప్రతి సూచననూ ఒప్పుకుంటూ పోయింది. చివరికి మిగిలినదాని భావం ఇది: ‘ఫ్లోరైడ్ ప్రభావిత ప్రాంతంలో పెరగడం వల్ల నీటి కాలుష్యం ప్రజారోగ్యంపై చూపే తీవ్ర ప్రభావాన్ని ప్రత్యక్షంగా గమనించే అవకాశం నాకు కలిగింది. ఈ అనుభవమే సుస్థిర నీటి శుద్ధి విధానాల పట్ల నా ఆసక్తికి పునాది వేసింది.’ తాతయ్య పోయాడు, మంచం పోయింది. మోడల్ ఊహించలేని మాటలు ఏవైతే ఉన్నాయో అవే పోయాయి. డిటెక్టర్ దీన్ని ఏఐ రాసిందంటే వాక్యాల వరకు అది అబద్ధం కూడా కాదు. జీవితం ఆమెదే, ఆలోచన ఆమెదే. కానీ డిటెక్టర్‌కు ఆలోచన కనబడదు, మాటల వరస ఒక్కటే కనబడుతుంది.

మరి స్టాన్‌ఫర్డ్ ప్రయోగంలో మెరుగుపరిస్తే అంకె ఎందుకు దిగిందన్న సందేహం రావాలి. అక్కడ పరిశోధకులు ప్రత్యేకంగా మాటలను సంపన్నం చెయ్యమని అడిగారు. అరుదైన మాటలు చేరాయి, కొలత పెరిగింది. గ్రామర్ సాధనం సాధారణంగా స్పష్టంగా, సాఫీగా ఉండేలా దిద్దుతుంది, అంటే అందరూ వాడే మాటల వైపు లాగుతుంది. అంకె ఎటు కదులుతుందో నిర్ణయించేది దిద్దుబాటు ఏ దిశలో జరిగిందన్నదే. పైగా నేటి డిటెక్టర్లు పర్‌ప్లెక్సిటీ ఒక్కదాన్నే నమ్ముకోవు. మనుషుల రచనలనూ ఏఐ రచనలనూ పెద్ద సంఖ్యలో చూపించి శిక్షణ ఇచ్చిన వర్గీకరణ మోడళ్ళు అవి. కాబట్టి 2023 నాటి 61 శాతాన్ని ఇవాళ్టి ప్రతి డిటెక్టర్‌కూ అంటగట్టడం న్యాయం కాదు. అయినా చిక్కు తీరలేదు. మనిషి రాసినదాన్ని ఏఐతో కొద్దిగా మెరుగులు దిద్దించినా డిటెక్టర్లు తరచూ ఏఐ రచన అంటున్నాయని, కొద్దిగా దిద్దినదానికీ బాగా దిద్దినదానికీ తేడా పట్టలేకపోతున్నాయని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో చూపించారు.

అనువాదం ఇంకో దారి. తెలుగులో రాసుకుని యంత్రంతో ఇంగ్లీషులోకి మార్చుకునేవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. అనువాద యంత్రం కూడా భాషా మోడలే. ప్రతి చోటా ఎక్కువ అవకాశం ఉన్న మాటనే అది ఎంచుకుంటుంది కాబట్టి, తెలుగులో ఎంత సొంత గొంతుతో రాసినా ఇంగ్లీషులో చదునైన వాక్యాలు రావచ్చు. దాన్ని ఏ డిటెక్టర్ ఏమంటుందో, దాని శిక్షణలో అనువాదాలను ఏ గంపలో వేశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒకటి మనిషి అంటే ఇంకొకటి ఏఐ అనడంలో వింత లేదు.

ఎదురు దారిలో వెళితే ఆధారమే చెరిగిపోతుంది. ఏఐ రచనలో గుర్తు వదిలే వాటర్‌మార్క్ పద్ధతిని మేరీలాండ్ వాళ్ళే 2023లో ప్రతిపాదించారు. రాస్తున్నప్పుడు ముందు మాటను బట్టి తర్వాతి మాటల్లో కొన్నింటిని రహస్యంగా ‘పచ్చ జాబితా’లో పెట్టి, మోడల్‌ను వాటి వైపు కొద్దిగా మొగ్గేలా చేస్తారు. తర్వాత లెక్కపెడితే పచ్చ మాటలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనబడతాయి. దాన్ని ఇంకో భాషలోకి మార్చారంటే మాటలన్నీ మారిపోతాయి, పచ్చ జాబితాకు పట్టు దొరకదు. అదే భాషలో తిరగరాసినా దెబ్బ పెద్దదే. 2023లో ఒక అమెరికా బృందం తిరగరాయడానికే తయారుచేసిన మోడల్‌ను వాడినప్పుడు, డిటెక్ట్‌జీపీటీ అనే డిటెక్టర్ పట్టుకునేవి నూటికి 70 నుంచి అయిదు లోపుకి పడిపోయాయి. అంటే దాచాలనుకున్నవాడు తప్పించుకోగలడు, దాచడానికి ఏమీ లేనివాడు దొరికిపోగలడు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

అంకెను చదవడంలో జరిగే పొరపాటు మరొకటి. టర్నిటిన్ 40 శాతం చూపిందంటే ఏఐ రాసి ఉండే అవకాశం 40 శాతమని కాదు. లెక్కలోకి తీసుకున్న రచనలో 40 శాతాన్ని అది ఏఐగా గుర్తించిందని అర్థం. వేరే డిటెక్టర్ తెర మీద అదే 40 శాతం ఏఐ కావడానికి ఉన్న అవకాశాన్ని సూచించవచ్చు. టర్నిటిన్ వాక్యాలను విడివిడిగా కాక, పక్కపక్కన ఒకదాని మీదకు ఒకటి వచ్చే ముక్కలుగా తీసుకుని చూస్తుంది. అందువల్ల మీరు ఒక వాక్యాన్ని తిరగరాయిస్తే దాని పక్క వాక్యాల గుర్తింపు కూడా మారవచ్చు. ఒక్కో ముక్క గీతకు ఈవల నుంచి ఆవలకు దూకితే చిన్న దిద్దుబాటుకే మొత్తం శాతం గెంతుతుంది. 20 శాతం కంటే తక్కువ వచ్చినప్పుడు తప్పుకు అవకాశం ఎక్కువని ఆ సంస్థే నక్షత్రం గుర్తు పెట్టి, అంకె చూపకుండా వదిలేస్తుంది.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో ఈ సౌకర్యాన్ని ఆపేస్తూ ఒక లెక్క చెప్పింది. అంతకుముందు ఏడాది అక్కడ టర్నిటిన్‌కు 75,000 పేపర్లు వెళ్ళాయి. తప్పు ఒక్క శాతమే అనుకున్నా 750 పేపర్ల మీద తప్పుడు ముద్ర పడేది.

ఆ నల్గొండ అమ్మాయి దగ్గర శాతం కంటే గట్టి సాక్ష్యం ఒకటి ఉండగలదు. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీ తెరిస్తే చాలు. తాతయ్య మంచం ఉన్న మొదటి ప్రతి ఏ రోజు, ఏ గంటకు రాసిందో, తిరగరాసిన వాక్యాలు ఎప్పుడు ఒక్కసారిగా వచ్చి చేరాయో అందులో కనబడుతుంది. దాన్ని చూసిన అధ్యాపకుడు ఆమెను అడగాల్సింది ఏ సాధనంతో ఎక్కడెక్కడ దిద్దించావని. దరఖాస్తుతో పంపాల్సింది మాత్రం ఆ రెండు వ్యాకరణ తప్పులు దిద్దుకున్న మొదటి ప్రతినే అంటాను నేను.