రెజ్యూమెలో ప్రమోషన్ ఏం చెబుతుంది?

ఒకే కంపెనీలో వచ్చిన ప్రమోషన్‌ను ఉద్యోగాలిచ్చేవారు గట్టి ఆధారంగా చూస్తారు. రోజూ పని చూసినవాళ్లే పెద్ద బాధ్యత అప్పగించారని దాని అర్థం. కంపెనీ మారితే వచ్చే హోదాకు ఆధారం చాలావరకు ఇంటర్వ్యూయే.

అయితే ఐటీ సేవల సంస్థల్లో ట్రెయినీ ఇంజినీరు కావడం తరచూ సర్వీసును బట్టి జరిగిపోతుంది. ఒక టెస్టర్ నాలుగేళ్లలో లీడ్ అయ్యాడనుకుందాం. ఇచ్చిన టెస్ట్ కేసులు నడిపినవాడే ఇప్పుడు ఐదుగురికి పని పంచి, రిలీజ్ చేయాలో ఆపాలో తేలుస్తుంటే అది ఎదుగుదల. పని అదే ఉండి పేరొక్కటే మారితే కాదు.

పైన ఖాళీల్లేని చిన్న సంస్థను వదిలి వెళ్లడం లోపమేమీ కాదు. కొత్త చోట బాధ్యత పెరిగిందా, దాని ఫలితం తేలేదాకా అక్కడ ఉన్నారా అన్నదే చూడాలి.